మిక్సీ పెట్టె, అడుగున రెండో టేపు: పర్లాకిమిడిలో నా అన్‌బాక్సింగ్ వీడియో అనుభవం

మిక్సీ పెట్టెలో మూడు జార్లు ఉండాలి, మాకు రెండే వచ్చాయి. లేనిది చట్నీ జారు, అంటే మా ఇంట్లో రోజూ పని పడేది అదే. అమ్మిన కంపెనీ మొదట మా తప్పేం లేదంది, తర్వాత ఒప్పుకుని సెట్టు మొత్తం మార్చి ఇచ్చింది. మధ్యలో పని చేసింది నేను తీసిన వీడియో. అందులోనూ ఖాళీ పెట్టె చూపించిన చివరి భాగం కాదు, బ్లేడు పెట్టకముందు తీసిన మొదటి నిమిషంన్నర.

మాది పర్లాకిమిడి. పిన్‌కోడ్ ఒడిశాది, ఇంట్లో మాట తెలుగు, చుట్టాల్లో సగం మంది పక్కనే పాతపట్నంలో ఉంటారు. ఏదైనా ఆర్డర్ పెట్టి ట్రాకింగ్ చూస్తే పెట్టె ఒకసారి విశాఖ వైపు నుంచి, ఒకసారి బరంపురం వైపు నుంచి వస్తుంది. ఎటు నుంచి వచ్చినా నాలుగైదు గోడౌన్లు దిగి, ఎక్కి, ఎంతమంది చేతులు మారాక మన గుమ్మంలోకి వస్తుందో. ఏ చేతిలో ఏం జరిగిందో మనకి ఎలాగూ తెలీదు. మనం చూపించగలిగింది ఒక్కటే: మా చేతికి వచ్చేసరికి పెట్టె ఈ స్థితిలో ఉంది, అక్కణ్ణుంచి మా చేతులు కెమెరా ముందే ఉన్నాయి అని.

వీడియో తియ్యాలన్న ఆలోచన రాయగడలో ఉండే మా వదిన వల్ల వచ్చింది. ఆవిడకి గాజు గిన్నెల సెట్టులో రెండు పగిలి వచ్చాయి. వీడియో కూడా తీసింది పాపం. కానీ ఫోను ఒక చేత్తో పట్టుకుని, కత్తి కోసం మధ్యలో ఆపి, మళ్ళీ మొదలెట్టింది. రెండు ముక్కల వీడియో అయింది. "వీడియో నిరంతరాయంగా లేదు" అని జవాబొచ్చింది, అంతే, కథ అయిపోయింది. వదిన నిజమే చెప్తోంది, అయినా ఆ జవాబు అన్యాయమని అనలేను. రెండు ముక్కల మధ్య ఏం జరిగిందో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

అందుకని మిక్సీ వచ్చే రోజు ముందుగానే ఏర్పాట్లు చేసుకున్నాను. తమ్ముడి ఫోన్‌తో తియ్యాలి, నా ఫోన్‌తో కాదు. కారణం ఉంది. రికార్డింగ్ నడుస్తుండగా కాల్ వస్తే చాలా ఫోన్లలో వీడియో ఆగిపోతుంది, లేదా గొంతు పోతుంది. దానికి మందు ఫ్లైట్ మోడ్. కానీ డెలివరీ ఓటీపీ వచ్చేది ఆర్డర్ పెట్టిన నంబరుకే, అంటే నా ఫోన్‌కే. ఆ ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఓటీపీ రాదు. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే ఓటీపీ పని అయ్యాకే ఫ్లైట్ మోడ్ పెట్టి తియ్యాలి. ఫోన్ని స్టూలు మీద బియ్యం డబ్బాకి ఆనించి, ఒరగకుండా రబ్బరు బ్యాండు వేశాం. రెండు చేతులూ కెమెరాకి కనిపించాలి, అదే అసలు విషయం. ఫోన్ చేత్తో పట్టుకుంటే ఒక చెయ్యి ఎప్పుడూ కనిపించదు, ఆ కనిపించని చెయ్యే అనుమానానికి తావిస్తుంది.

క్వాలిటీ 1080p, సెకనుకి 30 ఫ్రేములు. 4K అక్కర్లేదు, ఫైలు మరీ పెద్దదవుతుంది. 1080p లోనే చాలా ఫోన్లలో నిమిషానికి నూరు ఎంబీ పైన అవుతుంది, కాబట్టి ముందే ఫోన్‌లో ఒకటి రెండు జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. సగంలో "స్టోరేజ్ ఫుల్" అని ఆగితే అదీ రెండు ముక్కల వీడియోనే.

డెలివరీ అబ్బాయి వచ్చాడు. ఒడియా వాడే గానీ తెలుగు బాగానే మాట్లాడతాడు. "అక్కా, ఓటీపీ చెప్పండి, ఇంకా చాలా పార్సిళ్ళున్నాయి" అన్నాడు. "ఒక్క నిమిషం బాబూ, పెట్టె అన్ని వైపులా చూసి చెప్తాను" అన్నాను. ఓటీపీ చెప్పడమంటే సరుకు ముట్టిందని ఒప్పుకోవడం. పెట్టె నలిగినా, తడిసినా, చిరిగినా అప్పుడే తీసుకోనని చెప్పడం అన్నిటికంటే తేలిక. వాడు "రెఫ్యూజ్డ్" అని కొట్టుకుంటాడు, మనకి వీడియో బాధే ఉండదు. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్న వస్తువులకైతే వాళ్ళ ముందే విప్పి చూశాక ఓటీపీ చెప్పొచ్చు. మా మిక్సీకి ఆ వెసులుబాటు లేదు. పైకి పెట్టె బాగానే కనిపించింది, ఓటీపీ చెప్పాను, వాడు వెళ్ళాడు.

ఇప్పుడు కాటా సంగతి. మా పక్కిల్లే కిరాణా కొట్టు. షావుకారు గారిని చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాం. "బాబాయ్, ఎలక్ట్రానిక్ కాటా ఓ పావుగంట ఇస్తారా, పార్సిల్ తూచాలి" అంటే నవ్వి, "మిక్సీని కేజీల్లెక్కన కొన్నారేంటమ్మా" అంటూ అరుగు మీదికి తెచ్చి పెట్టారు. అరుగు మీద వెలుగు బాగుంటుంది గనక అక్కడే తీశాం. వెలుగు మాత్రం మన వెనక నుంచి రావాలి. పెట్టె వెనక వీధి కనిపించేలా పెడితే పెట్టె నల్లగా పడుతుంది, లేబుల్ చదవలేం.

రికార్డింగ్ మొదలయ్యాక మొదట చూపించింది నా ఫోన్ తెరని: ఆర్డర్ పేజీ, అందులో ఆర్డర్ నంబరు, పైన ఆనాటి తేదీ, టైము. ఆ తర్వాత పెట్టె మీది కొరియర్ లేబుల్ని కెమెరాకి దగ్గరగా పెట్టి, ఫోకస్ కుదిరేదాకా కదపకుండా ఉంచాను. దగ్గరికి తెచ్చిన వెంటనే ఫోన్ కాసేపు మసకగా చూపిస్తుంది, ఆ లోపే తీసేస్తే చదవడానికి ఏమీ మిగలదు. ఏడబ్ల్యూబీ నంబరు, అంటే కొరియర్ ట్రాకింగ్ నంబరు, పైకి చదివాను, అంకెలు ఇంగ్లీషులోనే చదివాను. వీడియో చూసేది ఎక్కడో గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న మనిషి, మన తెలుగు వాడికి రాకపోవచ్చు. మిగతా మాటలు తగ్గించాను. అబద్ధం చెప్పడం లేదని నిరూపించుకోవడానికి వీడియోలో గలగలా మాట్లాడేవాళ్ళని చూశాను, దాని వల్ల ఒరిగేదేం లేదు. కెమెరా చూపించాలి, మనం చెప్పడం కాదు.

లేబుల్ పక్కనే కంపెనీ ఎమ్మార్పీ స్టిక్కరు ఉంది. దాన్నీ దగ్గరగా చూపించాను. మోడల్ పేరు, తయారైన నెల, ఏడాది, లోపల ఏమేం ఉన్నాయో అన్నీ అందులో ఉంటాయి. మా దాని మీద మోటారు యూనిట్ ఒకటి, జార్లు మూడు అని అచ్చయి ఉంది. తర్వాత జారు లేదని గొడవ పడాల్సి వస్తే ఎన్ని ఉండాలో చెప్పే సాక్ష్యం ఆ స్టిక్కరే. వెబ్‌సైటులో రాసిన వివరాలు వాళ్ళు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పెట్టె మీద అచ్చు మారదు.

తర్వాత పెట్టెని ఆరు వైపులా నెమ్మదిగా తిప్పాను. పైన టేపు బాగుంది. పక్కలు బాగున్నాయి. అడుగు తిప్పినప్పుడు తమ్ముడు "అప్పా, ఇదేంటి?" అన్నాడు. అడుగున రెండు మూతలు కలిసే చోట టేపు మీద టేపు ఉంది. కింది పొర పాత టేపు, కాస్త పసుపు రంగు, దాని అంచు దగ్గర అట్ట పైపొర లేచి గోధుమరంగు పీచు టేపుకి అంటుకుని ఉంది. ఫ్యాక్టరీలో మొదటిసారి వేసిన టేపు కింద అలా పీచు లేవదు. ఊడదీసినప్పుడే లేస్తుంది. పై పొర కొత్తది, తెల్లటిది, మధ్యలో గాలి బుడగలు, ఒక చివర వంకర. మెషీన్‌తో వేసిన టేపు తిన్నగా, బిర్రుగా ఉంటుంది. చేత్తో వేసింది ఇలా ఉంటుంది. కొన్ని గోడౌన్లలో నలిగిన పెట్టెకి వాళ్ళే మళ్ళీ టేపు వేస్తారు, కాబట్టి రెండో టేపు ఉన్నంత మాత్రాన దొంగతనమని అనలేం. కానీ మధ్యలో ఎవరో విప్పారన్నది మాత్రం తేలిపోయింది. ఆ చోటుని కెమెరాకి అంగుళాల దూరంలో చాలాసేపు ఉంచాను.

పెట్టెని కాటా మీద పెట్టాను. ముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తున్నట్టు తీయాలి, లేకపోతే ముందే ఏదో బరువు సెట్ చేశారంటారు. ఇక్కడో చిక్కుంది. ఎర్ర అంకెల ఎల్ఈడీ కాటాలు కళ్ళకి నిలకడగా కనిపించినా వీడియోలో మిణుకుతాయి, ఎండలో అయితే కొన్ని గీతలు పడనే పడవు, 8 కాస్తా 6 లానో 9 లానో కనిపిస్తుంది. బాబాయి గారి కాటా అలాంటిదే. చేత్తో నీడ పట్టి కాసేపు ఉంచాను, అంకె పైకి చదివాను. 4.86 కేజీలు. కొరియర్ లేబుల్ మీద ఉన్నది 5.42. తేడా 560 గ్రాములు.

ఈ తేడాని వెంటనే నమ్మకూడదు. కొరియర్ లేబుల్ మీద రాసేది ఎప్పుడూ అసలు బరువే కాదు. పెట్టె పెద్దగా, లోపల తేలిగ్గా ఉంటే కొలతల లెక్కన బరువు కడతారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000 తో భాగిస్తారు, కొన్ని కొరియర్లు భాగించే అంకె వేరేగా పెట్టుకుంటాయి. దిండ్ల పార్సిల్ మీద ఆరు కేజీలని ఉండి కాటా మీద రెండే చూపితే అందులో ఏమీ పోయినట్టు కాదు. అందుకని టేపు కొలతతో పెట్టెని కూడా కొలిచాం. 38, 32, 30. గుణిస్తే 36,480, దాన్ని 5000 తో భాగిస్తే 7.3 కేజీలు. లేబుల్ మీద 7.3 ఉండి ఉంటే నా కాటా దేనికీ పనికొచ్చేది కాదు. ఉన్నది 5.42 గనక అది ఎక్కడో నిజంగా తూచిన బరువే అయ్యుండాలి. అంటే ఆ తూకానికీ నా అరుగుకీ మధ్య ఎక్కడో అర కేజీ పైన దిగిపోయింది.

పెట్టె పై వైపు నుంచే విప్పాను. అడుగు టేపు జోలికి పోలేదు, అది అలాగే ఉండాలి, తర్వాత ఎవరైనా వచ్చి చూస్తానంటే చూపించడానికి. బ్లేడు కొన మాత్రమే టేపులో దించి, లోపలికి పోనివ్వకుండా కోశాను. లోతుగా కోస్తే వస్తువు మీద గీతలు మీవే అంటారు. థర్మోకోల్ తీశాను, మోటారు బయటికి, అడుగున ఉన్న సీరియల్ నంబరు దగ్గరగా చూపించాను. పెద్ద జారు, మధ్య జారు. మూడో జారు ఉండాల్సిన గూడు ఖాళీ. ఖాళీ పెట్టెని తలకిందులు చేసి దులిపి, లోపలికి కెమెరా పెట్టి చూపించాను. బయటికి తీసినవన్నీ ఆ సమయమంతా ఫ్రేములోనే ఉన్నాయి, ఏదీ పక్కకి జరపలేదు. తర్వాతే రికార్డింగ్ ఆపాం.

యాప్‌లో ఫిర్యాదు పెట్టేటప్పుడు కారణం ఎంచుకోవాలి. ఇక్కడే చాలామంది తేలిగ్గా ఉందని "డ్యామేజ్" అనో "పనిచేయడం లేదు" అనో నొక్కుతారు. అప్పుడు వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చే అబ్బాయి దగ్గర ఉన్న జాబితాలో మూడు జార్లుంటాయి, ఇక్కడ రెండే ఉంటాయి, "సామాను పూర్తిగా లేదు" అని పికప్ రద్దు చేసి పోతాడు. ఆ రద్దు మన ఖాతాలో మచ్చగా మిగులుతుంది. అందుకని `Missing item` అనే ఉన్నదాన్నే వెతికి నొక్కాను.

ఫారంలో వీడియోకి ఇచ్చిన జాగా 50 ఎంబీ. మా ఫైలు దాదాపు 500. తమ్ముడు వాట్సాప్‌లో నాకు పంపి, చిన్నదయ్యాక పెడదామన్నాడు. వాట్సాప్ వీడియోగా పంపితే నలిపి పంపుతుంది, లేబుల్ మీది అంకెలు కలిసిపోతాయి, ఎప్పుడు తీశారన్న వివరం కూడా పోతుంది. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. నేను అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ ఒకటి చేసి, ఆ కాపీని 480p కి తగ్గించి ఫారంలో పెట్టాను. అసలు ఫైలు డ్రైవ్‌లో ఎక్కించి లింకు కింద రాశాను. గ్యాలరీలో మొదలు, చివర కత్తిరించాలనిపిస్తుంది, ఆ పని చేయకూడదు, కొన్ని ఫోన్లలో అసలు దాని మీదే సేవ్ అయిపోతుంది. ఎప్పుడైనా `Save copy` అని ఉన్నదే నొక్కాలి.

మొదటి జవాబు నేననుకున్నట్టే వచ్చింది. మా రికార్డుల ప్రకారం వస్తువు పూర్తిగా పంపాం, ఫిర్యాదు మూసివేస్తున్నాం. ఆ జవాబు రాసిన మనిషి వీడియో చూశాడని నేను నమ్మను. నాలుగు నిమిషాల వీడియోని ఎవరు మొదటి నుంచి చూస్తారు, రోజుకి ఎన్ని వస్తాయో. అందుకని రెండోసారి వెబ్‌సైటు అడుగున ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిలుకి రాశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ ఈ ఆఫీసర్ ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మెయిలులో కోపం ఏమీ రాయలేదు. నిమిషాలు రాశాను:

0:12 లేబుల్, బరువు 5.42. 0:31 స్టిక్కరు, జార్లు 3. 0:58 అడుగున రెండో టేపు, చిరిగిన అట్ట. 1:24 కాటా, సున్నా నుంచి 4.86. 3:05 మూడో గూడు ఖాళీ.

దానికి తోడు రెండు ఫోటోలు, అడుగు టేపుది ఒకటి, కాటాది ఒకటి. వీడియోలోంచి స్క్రీన్‌షాట్ తీసినా ఫోటో అంత స్పష్టంగా ఉండదని వేరుగా తీసి ఉంచాను.

అప్పుడు ఫోన్ వచ్చింది. ఒడిశా పిన్‌కోడ్ గనక ఒడియాలో మొదలెట్టింది అవతలి అమ్మాయి. నాకు ఒడియా వచ్చు గానీ, ఇలాంటి విషయం నా భాషలో మాట్లాడితేనే తడబడను, తెలుగు వాళ్ళకి కలపమన్నాను. కలిపిన అబ్బాయి రెండు వందల కూపన్ ఇస్తామన్నాడు. చట్నీ జారు విడిగా కొంటే దానికి రెట్టింపు పైనే అవుతుంది. "కూపన్ వద్దు బాబూ, జారు పంపండి, లేకపోతే సెట్టు మార్చండి" అన్నాను. విడి జారు పంపే పద్ధతి వాళ్ళకి లేదట, మొత్తం మారుస్తామన్నారు.

అప్పటికి ఇది తేలకపోతే ఏం చేయాలో మా పెదనాన్న కొడుకు, పాతపట్నంలో వకీలు, చెప్పి ఉంచాడు. ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఉండే చోటే కేసు వేయొచ్చు, అమ్మినవాడు ఎక్కడున్నా సరే. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. "అంతదాకా వెళ్తే వీడియోకి సర్టిఫికెట్టు కావాలే" అన్నాడు అన్నయ్య. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 కింద అది ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ నంబరు, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, కూడా రాయాలి. ఫైలులో ఒక్క సెకను కత్తిరించినా ఆ నంబరు మారిపోతుంది. అసలు ఫైలు ముట్టుకోవద్దనడానికి అదో కారణం. మాకు అంతదాకా రాలేదు.

కొత్త పెట్టె వచ్చింది, పాతది తీసుకెళ్ళడానికి అదే అబ్బాయి. వెనక్కి పంపేటప్పుడూ వీడియో తీశాను. రెండు జార్లు, మోటారు, సీరియల్ నంబరు, మళ్ళీ కాటా మీద 4.86 కి దగ్గరగానే. పెట్టె వెనక్కి చేరాక "మీరు పంపిన దాంట్లో జారు లేదు" అని అక్కడెవరైనా అంటే, ఎన్ని పంపానో చూపించాలి కదా. పికప్ రసీదు మీద "జార్లు 2" అని రాయించుకున్నాను. వాడు విసుక్కున్నాడు గానీ రాశాడు.

కొత్త సెట్టులో చట్నీ జారు ఉంది. ఊరికే ఉండలేక దాన్నొక్కదాన్నే బాబాయి గారి కాటా మీద పెట్టాను. మూతతో కలిపి 535 గ్రాములు. మిగతా పాతిక గ్రాములు దాని పాలిథిన్ కవరు, అట్ట గూడు ముక్క అయ్యుంటాయి.

పాత వీడియో ఇంకా తమ్ముడి ఫోన్‌లోనే ఉంది. వాడికి జాగా చాలడం లేదని గొణుగుతున్నాడు. డ్రైవ్‌లో ఉంది కదా తీసెయ్యమన్నాను, ముందు డ్రైవ్‌లోది తెరిచి చివరిదాకా ఆడుతోందో లేదో చూసి మరీ.